దిద్దాలా, కొట్టేసి మళ్లీ రాయాలా?

ఫోన్ స్క్రీన్ మీద వేలితో పైనుంచి కిందికి ఒకసారి లాగండి. నోటిఫికేషన్లలో తెలుగులో వచ్చినవి ఉంటే ఓ మూడు చదవండి. ‘ఉచిత డెలివరీని ఆస్వాదించండి.’ ‘తేడాను అనుభవించండి.’ ‘మీరు దీనికి అర్హులు.’ ఇలాంటివే ఉంటాయి. మొదటిది డెలివరీని పులిహోరలా కూర్చుని తినమంటోంది. రెండోది ఎవరో పడని చుట్టం శాపం పెట్టినట్టుంది. మన ఇళ్లల్లో ‘అనుభవించు’ అనే మాట ఎలాంటప్పుడు బయటికొస్తుందో మీకు తెలుసు కదా. ఇక మూడోది చదివితే పింఛన్ల జాబితాలో పేరొచ్చినట్టే అనిపిస్తుంది.

వీటిని ఏ మనిషీ కూర్చుని తెలుగులో ఆలోచించి రాయలేదు. ఇంగ్లిష్‌లో రాసిన ప్రకటన మెషీన్‌లోకి వెళ్లింది, ఇటువైపు తెలుగై బయటికొచ్చింది. మధ్యలో ఒక మనిషి దాన్ని చూసి సరిచేయాలి. ఆ పని పేరు పోస్ట్ ఎడిటింగ్. చూసిన మనిషికి టైమ్ లేకపోతేనో, ఏది దిద్దాలో ఏది వదిలేయాలో తేల్చుకోలేకపోతేనో ఇలాంటివి మన ఫోన్ల దాకా వస్తాయి.

నేను పని చేసేది సరుకులు ఇంటికి తెచ్చిచ్చే ఒక యాప్‌కి. రాసేది కోడే అయినా, టీమ్‌లో తెలుగు చదవగలిగేది నేనొక్కడినే కాబట్టి పండగ ఆఫర్ల తెలుగు ఫైల్ యాప్‌లోకి ఎక్కించే ముందు నా దగ్గరికి వస్తుంది. మెషీన్ తెలుగుని దిద్దేది మాత్రం ఖమ్మంలో ఉండే ఒక అక్క. ఫ్రీలాన్సర్. ఒకప్పుడు మొత్తం తనే అనువాదం చేసేది, ఇప్పుడు వచ్చే పనిలో ఎక్కువ భాగం మెషీన్ చేసినదాన్ని దిద్దడమే. ఫైల్ గురించి మేం ఫోన్‌లో మాట్లాడుకునేటప్పుడు నేను నేర్చుకున్న మొదటి సంగతి ఇది: పైన మనం నవ్వుకున్న మూడు వాక్యాల వల్ల కంపెనీ పరువు కొంచెం పోతుందేమో గానీ, కస్టమర్ జేబుకి మాత్రం ఏ నష్టమూ లేదు. అసలు భయపడాల్సింది నవ్వు రాని వాక్యాలకి.

2017లో గూగుల్ ట్రాన్స్‌లేట్ తెలుగుకి న్యూరల్ పద్ధతి తెచ్చింది. అంతకుముందు మెషీన్ తెలుగు చూడగానే తెలిసిపోయేది. మాటలు వరస తప్పి, విభక్తులు ఊడిపోయి, కొట్టుకుపోయిన వంతెనలా ఉండేది. ఎవరైనా ‘ఇది పనికిరాదు’ అనేసేవాళ్లు. ఇప్పుడు వాక్యం నున్నగా వస్తుంది. అక్షరదోషం ఉండదు, క్రియ చివర్లోనే ఉంటుంది. అందుకే కన్ను దాని మీద ఆగకుండా జారిపోతుంది.

ఒక్క ఆఫర్ తీసుకుని చూద్దాం. ఇంగ్లిష్ వాక్యం ఇలా ఉంది: ‘గెట్ 20% ఆఫ్ అప్ టు ₹150 ఆన్ యువర్ ఫస్ట్ ఆర్డర్. మినిమమ్ ఆర్డర్ ₹499.’ మెషీన్ ఇచ్చింది ఇది:

‘మీ మొదటి ఆర్డర్‌పై ₹150 వరకు 20% తగ్గింపు పొందండి. కనీస ఆర్డర్ ₹499.’

తప్పేముంది? వ్యాకరణం బాగానే ఉంది, అంకెలన్నీ వచ్చాయి. కానీ ఇంగ్లిష్ చూడకుండా, తెలుగు ఒక్కటే చదవండి. ‘₹150 వరకు 20% తగ్గింపు’ అంటే 150 రూపాయల దాకా కొన్నదానికి 20 శాతం తగ్గిస్తారని కదా ముందు తోచేది? అంటే 30 రూపాయలు. మరి కనీసం 499కి కొనాలన్నారే? అక్కడ తల గోక్కోవాలి. ఇంగ్లిష్‌లో ‘అప్ టు ₹150’ అనేది డిస్కౌంట్‌కి పెట్టిన హద్దు. తెలుగులో అదే ముక్క ‘20%’ ముందుకొచ్చి కూర్చోగానే బిల్లుకి పెట్టిన హద్దులా మారిపోయింది. ‘వరకు’ అన్న మాట తప్పు కాదు, అది కూర్చున్న చోటు తప్పు.

అసలు ఆఫర్ ఏమిటో లెక్క వేద్దాం. బిల్లు 500 అయితే 20 శాతం 100, కట్టాల్సింది 400. బిల్లు 750 అయితే తగ్గేది సరిగ్గా 150, కట్టాల్సింది 600. ఇక్కడితో హద్దు తగిలింది. బిల్లు 1,200 అయితే 20 శాతం లెక్కన 240 తగ్గాలి, కానీ తగ్గేది 150 మాత్రమే. కట్టాల్సింది 1,050. అంటే 750 దాటాక ‘20 శాతం’ అన్నది నిజానికి తగ్గుతూ పోతుంది. 1,200 దగ్గర అది పన్నెండున్నర శాతమే. కస్టమర్‌కి తెలియాల్సిన ముఖ్యమైన విషయం ఇదే. మెషీన్ తెలుగులో సరిగ్గా ఇదే మాయమైంది.

అక్క దీనికి వాడే పరీక్ష చాలా సింపుల్. ఇంగ్లిష్ చూడని మనిషికి తెలుగు వాక్యం చదివి వినిపించి, “బిల్లు పన్నెండొందలు అయితే ఎంత కట్టాలి?” అని అడుగుతుంది. వాళ్లింట్లో ఆ మనిషి వాళ్ల అత్తగారు. మెషీన్ వాక్యం విని ఆవిడ “ముప్పై తగ్గిస్తరా, రెండొందల నలభై తగ్గిస్తరా?” అని ఎదురడిగారట. రెండూ తప్పే. సరైన జవాబు 150 ఆవిడ నోట్లోంచి రానేలేదు. వాక్యం విన్న మనిషి లెక్క సరిగ్గా చెప్పలేకపోతే, తెలుగు ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టాల్సిందే.

దిద్దాక వాక్యం ఇలా అయింది: ‘మొదటి ఆర్డర్‌కి బిల్లులో 20% తగ్గింపు. గరిష్ఠంగా ₹150. బిల్లు కనీసం ₹499 ఉండాలి.’ గమనించండి, ‘పొందండి’ పోయింది, ‘మీ’ పోయింది. ఇంగ్లిష్‌లో ఆఫర్లు ‘గెట్’తో మొదలవడం మామూలే. తెలుగులో క్రియ లేకుండానే అమ్మకం జరిగిపోతుంది. కూరగాయల బండాయన ‘కిలో ఇరవై’ అంటాడు గానీ ‘కిలో టమాటాను ఇరవై రూపాయలకు పొందండి’ అనడు కదా. అక్కకి ‘గరిష్ఠంగా’ కంటే ‘తగ్గింపు ₹150 మించదు’ అన్నదే ఇష్టం, అది ఇంకా తేటగా ఉంటుందని. మార్కెటింగ్ వాళ్లు ‘మించదు’ చూస్తే మాత్రం ముఖం చిట్లిస్తారు. వాళ్ల లెక్కలో ఆఫర్‌లో ‘కాదు, లేదు, మించదు’ ఉండకూడదు. సరే, ‘గరిష్ఠంగా’తో సరిపెట్టుకున్నాం. అర్థం మాత్రం చెక్కుచెదరలేదు.

ఇదంతా చదివి ‘అయితే వరకు అని కనపడిన చోటల్లా గరిష్ఠంగా అని మార్చేస్తే సరి’ అనుకునేరు. నాలాంటి కోడ్ రాసేవాడికి ముందు వచ్చే ఆలోచన అదే, ఫైండ్ అండ్ రీప్లేస్. కుదరదు. అదే ఫైల్లో ఇంకో లైన్ ఉంది: ‘అప్ టు 20% ఆఫ్’. దానికి మెషీన్ ఇచ్చిన ‘20% వరకు తగ్గింపు’ నూటికి నూరుపాళ్లు కరెక్ట్. ఇక్కడ హద్దు శాతానికే, ‘వరకు’ కూడా శాతాన్నే పట్టుకుని ఉంది. ముట్టుకోకూడదు. ఈ లైన్లోంచి పొరపాటున ‘వరకు’ ఊడిపోతే మాత్రం కొన్ని వస్తువులకి మాత్రమే ఉన్న 20 శాతం తగ్గింపు అన్నిటికీ ఇస్తామని మాటిచ్చినట్టవుతుంది.

ఇలాంటిదే ఇంకొకటి, షరతుల్లో తరచూ కనపడేది. ఇంగ్లిష్‌లో ‘ఆఫర్ నాట్ వ్యాలిడ్ ఆన్ ఆల్ ప్రొడక్ట్స్’ అంటారు. కొన్నిటికి వర్తిస్తుంది, కొన్నిటికి వర్తించదని వాళ్ల ఉద్దేశం. మెషీన్ అంటుంది: ‘అన్ని ఉత్పత్తులపై ఈ ఆఫర్ చెల్లదు.’ తెలుగులో ఇది వింటే ఏ ఒక్కదానికీ ఆఫర్ లేదన్నట్టే. పైన పెద్ద అక్షరాల్లో ఆఫర్ ఇచ్చి, కింద చిన్న అక్షరాల్లో మొత్తం వెనక్కి లాగేసుకున్నట్టు. ‘కొన్ని వస్తువులకు ఈ ఆఫర్ వర్తించదు’ అని మారిస్తే సరిపోతుంది. మారింది రెండు మూడు మాటలే.

షరతులంటే గుర్తొచ్చింది. చాలామంది పైన ఆఫర్ తెలుగులో పెట్టి, కింద స్టార్ గుర్తు దగ్గర షరతులు ఇంగ్లిష్‌లోనే వదిలేస్తారు, అది ఎవడు చదువుతాడులే అని. వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలు దీన్ని ఒప్పుకోవు. ప్రకటనలో చెప్పిన మాట ఏ భాషలో ఉందో, దాని షరతు కూడా అదే భాషలో ఉండాలి. పైన చెప్పినదానికి కింది షరతు విరుద్ధంగానూ ఉండకూడదు. ‘అన్ని ఉత్పత్తులపై చెల్లదు’ ఈ రెండో దాంట్లో నేరుగా చిక్కుకుంటుంది. ఇంగ్లిష్ ప్రకటన నిజాయితీగానే ఉన్నా, తెలుగుకి వచ్చేసరికి అబద్ధమైపోయింది.

కాబట్టి అంకెలు, షరతులు, తేదీలు ఉన్న వాక్యాల్లో అక్క మెషీన్ తెలుగుని దగ్గర పెట్టుకునే పని చేస్తుంది. ఇక్కడ సొంత కవిత్వం అక్కర్లేదు. ఇంగ్లిష్ ఏం మాటిచ్చిందో అంతే, ఎక్కువా కాదు తక్కువా కాదు. దిద్దడమే పని.

హెడ్‌లైన్ దగ్గరికొచ్చేసరికి పద్ధతి మొత్తం మారిపోతుంది.

అదే ఆఫర్ పైన బ్యానర్ మీద ఇంగ్లిష్‌లో ‘షాప్ స్మార్టర్, సేవ్ బిగ్గర్’ అని ఉంది. మెషీన్ తెలుగు: ‘తెలివిగా షాపింగ్ చేయండి, పెద్దగా ఆదా చేయండి.’ మొదటి సగం వింటే ఇన్నాళ్లూ తెలివితక్కువగా చేశారన్నట్టుంది. రెండో సగం ఇంకా ఘోరం. తెలుగులో ‘పెద్దగా’ అన్న మాట ఎక్కువగా ‘లేదు’తో కలిసి తిరుగుతుంది. ‘సినిమా పెద్దగా లేదు’, ‘పెద్దగా ఖర్చవలేదు’ అంటాం. ‘పెద్దగా ఆదా’ అనగానే చెవి ‘అవ్వదు’ అని పూర్తి చేసేసుకుంటుంది. ప్రకటనకి ఇంతకంటే శత్రువు ఉండదు.

దీన్ని దిద్దొచ్చా? ‘పెద్దగా’ తీసి ‘ఎక్కువ’ పెట్టొచ్చు. ‘తెలివిగా’ తీసి ‘స్మార్ట్‌గా’ పెట్టొచ్చు. ‘స్మార్ట్‌గా షాపింగ్ చేయండి, ఎక్కువ ఆదా చేయండి’ అవుతుంది. తప్పు లేదు, ప్రాణమూ లేదు. ఇంగ్లిష్‌లో ఆ రెండు ముక్కలు ఒకే తూకంలో ఉన్నాయి, నోట్లో తిరుగుతాయి. ఆ హెడ్‌లైన్ చేసే పని అదే. అందులో సమాచారం అంటూ ఏమీ లేదు. అర్థాన్ని తెచ్చి తూకాన్ని వదిలేస్తే, తేవాల్సిందాన్నే వదిలేసినట్టు. అక్క మాటల్లో చెప్పాలంటే, “తమ్ముడూ, ఇది సరిచేసేది కాదు. మళ్లా రాసేది.”

రాసే ముందు తను చేసే పని ఒకటి నాకు బాగా నచ్చింది. హెడ్‌లైన్ల వరకు మెషీన్ తెలుగు కాలమ్‌ని దాచేస్తుంది. చూడదు. ఒకసారి చూశాక ఆ మాటలు బుర్రలో మేకుల్లా దిగిపోతాయని, ఆ తర్వాత ఎంత గింజుకున్నా వాటి చుట్టూనే తిరుగుతామని అంటుంది. నేనూ ప్రయత్నించి చూశాను, నిజం. ‘తెలివిగా షాపింగ్’ చదివాక నాకు తోచినవన్నీ ‘తెలివైన షాపింగ్’, ‘షాపింగ్‌లో తెలివి’ లాంటివే. అక్క ఇంగ్లిష్ మాత్రమే చదివి, ‘ఇది ఎవరితో, ఏ క్షణంలో, ఏం చేయించడానికి అంటున్నారు?’ అని కాగితం మీద ఒక ముక్క రాసుకుంటుంది. ఈ బ్యానర్‌కి రాసుకున్నది: నెల సరుకులు కొనే మనిషి, లిస్టు పెద్దది, బిల్లు చూసి గుండె గుభేల్. అక్కడినుంచి వచ్చిన హెడ్‌లైన్:

‘సంచి నిండినా పర్సు ఖాళీ అవదు.’

బెంగళూరులో కూర్చునే మార్కెటింగ్ మేనేజర్‌కి తెలుగు రాదు. ఇలాంటప్పుడు బ్యాక్ ట్రాన్స్‌లేషన్ అడుగుతారు, అంటే తెలుగుని మళ్లీ మాటకి మాట ఇంగ్లిష్‌లో పెట్టి చూపించమంటారు. చూపించాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: “ఇందులో ‘స్మార్ట్’ ఎక్కడుంది?” లేదు. సంచి, పర్సు వాళ్ల ఇంగ్లిష్‌లో లేవు, వాళ్ల ‘స్మార్ట్’ మన తెలుగులో లేదు. బ్యాక్ ట్రాన్స్‌లేషన్‌తో పాటు ‘ఇది చదివినవాళ్లకి ఏమనిపిస్తుంది’ అని రెండు లైన్లు కూడా పంపడం ఆ తర్వాత మొదలుపెట్టాం. అది లేకపోతే మెషీన్ వాక్యమే మేనేజర్‌కి ‘కరెక్ట్’గా కనపడుతుంది, ఎందుకంటే తిప్పి చూస్తే మాటకి మాట సరిపోయేది అదే.

మళ్లీ రాయడంలో స్వేచ్ఛ ఉంది గానీ దానికీ గట్లు ఉన్నాయి. ఆ రోజు అక్క కొట్టేసిన వాటిలో ‘ఊళ్లో ఎక్కడా లేని ధర’ అన్నది ఒకటి. వినడానికి మస్తుగా ఉంది. కానీ ఇంగ్లిష్‌లో ఎవరితోనూ పోల్చుకోలేదు. తెలుగులో పోలిస్తే కొత్త మాటిచ్చినట్టే, రేపు ఎవరైనా ‘చూపించు’ అంటే చూపించాలి. నిజం చెప్పాలంటే ‘పర్సు ఖాళీ అవదు’ మీద కూడా కాసేపు చర్చ జరిగింది. అది అతిశయమని చదివేవాళ్లకి తెలుసు, ఎవరూ లెక్క వేసుకోరు కాబట్టి ఉంచాం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పోస్ట్ ఎడిటింగ్‌కి అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది, ISO 18587, 2017లో వచ్చింది. మనిషి చేసిన అనువాదానికి, దీనికి తేడా తెలియకూడదు అంటుంది. అదే నోటితో, మెషీన్ ఇచ్చినదాన్ని వీలైనంత ఎక్కువ వాడుకోమని కూడా అంటుంది. వాషింగ్ మెషీన్ మాన్యువల్‌కి ఈ రెండూ ఒకదానితో ఒకటి కలుస్తాయి. ప్రకటన హెడ్‌లైన్ దగ్గర కొట్టుకుంటాయి. అందుకే ఈ పనికి వేరే పేరే ఉంది, ట్రాన్స్‌క్రియేషన్. దాన్ని పోస్ట్ ఎడిటింగ్ ఫైల్లో కలిపి పంపడం వల్లే సగం గొడవ.

మరి హెడ్‌లైనూ కాదు, షరతూ కాదు, మధ్యలో ఉండే వాక్యాల మాటేమిటి? ‘యువర్ కార్ట్ మిసెస్ యూ’ లాంటివి. మెషీన్: ‘మీ కార్ట్ మిమ్మల్ని మిస్ అవుతోంది.’ ఇక్కడ అక్క గీత గీసే పద్ధతి ఇది: వాక్యం చదివి, ఒక మాట మారిస్తే బాగుపడుతుందా అని చూస్తుంది. ఒకటి మార్చాక ఇంకోటి మార్చాలనిపించి, దాని కోసం క్రియ కూడా మార్చాల్సి వస్తే అక్కడే ఆగి మొత్తం కొట్టేస్తుంది. అతుకుల బొంత కుట్టే టైమ్‌లో కొత్తది రాసేయొచ్చని. దీన్ని ‘కార్ట్‌లో పెట్టి మర్చిపోయారా?’ అని రాసింది. మామూలుగా మనిషి అడిగే ప్రశ్న.

ఇక నా వైపు పని. ఇది అక్కకి కనపడదు గానీ ఎంత మంచి తెలుగునైనా పాడుచేయగలదు. యాప్‌లో ఆ ఆఫర్ ఇలా ఉంటుంది:

```
<string name="offer">%1$s, get 20%% off up to ₹150</string>
```

ఆ `%1$s` ఉన్నచోట కస్టమర్ పేరు వచ్చి కూర్చుంటుంది. `%%` అంటే స్క్రీన్ మీద ఒక్క శాతం గుర్తు. మెషీన్ ఒక్కోసారి మధ్యలో ఖాళీలు పెట్టి `% 1 $ s` అని తిరిగిస్తుంది, లేదా రెండు శాతం గుర్తుల్లో ఒకటి మింగేస్తుంది. అప్పుడు ఆ స్క్రీన్ తెరిచినవాళ్లకి యాప్ మూసుకుపోవచ్చు, అది కూడా తెలుగు పెట్టుకున్నవాళ్లకి మాత్రమే. అందుకే ఫైల్ రాగానే ఇంగ్లిష్‌లో ఎన్ని గుర్తులున్నాయో తెలుగులోనూ సరిగ్గా అవే ఉన్నాయా అని చిన్న స్క్రిప్ట్‌తో చూస్తాను. ఇది కంప్యూటర్ పట్టుకోగలిగిన తప్పు, మనిషి కళ్లు దీనికి ఖర్చుపెట్టొద్దు.

కంప్యూటర్ పట్టుకోలేనిది ఏమిటంటే విభక్తి. ఇంగ్లిష్‌లో పేరు పేరులాగే ఉంటుంది, ముందు ‘ఫర్’ పెడితే చాలు. మనకి ‘కి’, ‘కు’ పేరుకి అతుక్కోవాలి. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో వస్తే దాని తోకకి తెలుగు ‘కి’ తగిలించినట్టు వికారంగా ఉంటుంది. తెలుగులో వచ్చినా ‘ప్రసాద్’ లాంటి పేరుకి ‘కి’ నేరుగా అంటిస్తే అక్షరాలు కలిసిపోయి ‘ద్’ కింద ‘క’ వత్తు పడుతుంది. మెషీన్ వాక్యం ఇలాంటి చోట ఎంత బాగున్నా పనికిరాదు. పేరుకి ఏదీ అంటకుండా వాక్యాన్ని తిప్పి రాయాలి. మన దగ్గర దీనికి ముందే ఒక మందు ఉంది, ‘గారు’:

```
<string name="offer">%1$s గారూ, బిల్లులో 20%% తగ్గింపు. గరిష్ఠంగా ₹150</string>
```

ఏ పేరు వచ్చినా ‘గారూ’ పక్కన హాయిగా కూర్చుంటుంది. మర్యాదకి మర్యాద, కోడ్‌కి కోడ్.

ఎస్సెమ్మెస్ సంగతి వేరే. ఇంగ్లిష్ అయితే ఒక మెసేజ్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగు ఒక్క అక్షరం చేరినా హద్దు 70కి పడిపోతుంది. పైగా మనకి ఒకటిగా కనపడే అక్షరాన్ని ఫోన్ విడగొట్టి లెక్కపెడుతుంది. ‘స్త్రీ’ మన కంటికి ఒకటే, దాని లెక్కలో ఆరు. ఇప్పుడు మన ఆఫర్‌నే చూడండి: ‘మొదటి ఆర్డర్‌కి బిల్లులో 20% తగ్గింపు. గరిష్ఠంగా ₹150. కనీస బిల్లు ₹499.’ లెక్కపెడితే 72 వచ్చింది. రెండు ఎక్కువ. ‘మొదటి’ని ‘తొలి’ చేస్తే ఒకటి తగ్గింది, చివరి చుక్క తీసేస్తే ఇంకొకటి. సరిగ్గా 70. ఇందులో ఇంకా కంపెనీ పేరు, లింకు లేవు. అవి చేరితే ఎలాగూ రెండో ముక్కలోకి వెళ్తుంది, అప్పుడు ముక్కకి 67 చొప్పున 134 దొరుకుతాయి. వాక్యంలో ఏ తప్పూ లేకపోయినా చోటు చాలక మళ్లీ రాయాల్సి వచ్చేది ఇలాంటప్పుడే.

డబ్బుల గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. పోస్ట్ ఎడిటింగ్‌కి మాటకి ఇచ్చే రేటు మామూలు అనువాదం కంటే తక్కువ. కొన్ని ఏజెన్సీలు ఇంకో అడుగు ముందుకేసి, మెషీన్ వాక్యానికీ దిద్దిన వాక్యానికీ మధ్య ఎన్ని అక్షరాలు మారాయో సాఫ్ట్‌వేర్‌తో కొలిచి దాని ప్రకారం కడతాయి. దీన్ని ఎడిట్ డిస్టెన్స్ అంటారు. నేను ఇంజినీరింగ్‌లో చదువుకున్న ఆల్గారిథమే. రెండు పదాల మధ్య దూరం కొలవడానికి భలే పనికొస్తుంది. ఈ పని విలువ కొలవడానికి మాత్రం అస్సలు పనికిరాదు. ‘అన్ని’ తీసి ‘కొన్ని’ పెట్టిన చోట మారింది అక్షరమో రెండో. ఆ ఒక్క మార్పుతో ఒక అబద్ధం నిజమైంది. దాని ఖరీదు ఆ కొలతలో దాదాపు సున్నా. హెడ్‌లైన్ మొత్తం మార్చేస్తే దూరం ఎక్కువ చూపిస్తుంది, నిజమే, కానీ ఐదు మాటలకి ఎంతొస్తుంది? వాటి కోసం అక్క గంట కూర్చుంది.

“మాటకి ఇంత అంటే, నేను ‘పొందండి’ని అట్లనే వదిలేసుడే లాభం కదా తమ్ముడూ,” అంది ఒకసారి. వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు. మీ ఫోన్లో ఇన్ని ‘పొందండి’లు ఎందుకున్నాయో దానికి జవాబు కూడా ఇదే.

ఇప్పుడు మేం ఫైల్‌కి ఒక కాలమ్ ఎక్కువ పెట్టాం. పని మొదలవ్వకముందే అక్క ఇంగ్లిష్ ఒక్కటే చదివి, ఒక్కో లైన్ పక్కన ‘దిద్దు’ అనో ‘రాయి’ అనో వేస్తుంది. ‘దిద్దు’లకి మాటల లెక్క, ‘రాయి’లకి గంటల లెక్క. సంక్రాంతి ఫైల్లో 64 లైన్లు ఉంటే ‘రాయి’లు తొమ్మిది. తొమ్మిదే కాబట్టి మేనేజర్ ఒప్పుకున్నాడు. ఆ కాలమ్ చూశాక ఆయనే అడిగిన ప్రశ్న ఒకటి మాకు ముందు తట్టలేదు: ఆ తొమ్మిదింటిని అసలు ఇంగ్లిష్‌లో రాసి తెలుగులోకి తేవడం ఎందుకు, అక్కకే విషయం చెప్పి నేరుగా తెలుగులో రాయమంటే పోదా అని. ఉగాది ఫైల్‌కి అలాగే చేస్తున్నాం. ఆ తొమ్మిది లైన్ల దగ్గర ఇంగ్లిష్ కాలమ్ ఖాళీగా ఉంది. నా స్క్రిప్ట్ మాత్రం ‘సోర్స్ లేదు’ అని ఎర్రగా అరుస్తోంది, దాన్ని సరిచేయాలి.